కుక్కకాటు కార్డును పారేయకండి

తట్టు ఒకసారి వచ్చిపోయిన పిల్లవాడికి మళ్ళీ రాదని మన ఊళ్ళలో ముసలమ్మలందరికీ తెలుసు. ఇంట్లో ఒకరికి తట్టు వస్తే, చిన్నప్పుడు తట్టు వచ్చి తగ్గినవారినే సేవకు కూర్చోబెట్టేవారు. శరీరం ఒకసారి చూసిన క్రిమిని గుర్తుపెట్టుకుంటుందన్న సంగతి ఆ విధంగా మన పెద్దలు ఏనాడో కనిపెట్టారు. ఎలా గుర్తుపెట్టుకుంటుందన్నది మాత్రం వైద్యశాస్త్రం గత నూరేళ్ళలో కొంచెం కొంచెంగా తేల్చింది.

ఆ సంగతిని తట్టుతో కాకుండా కుక్కకాటుతో వివరించాలనుకుంటున్నాము. కారణం ఉంది. కోస్గి చుట్టుపక్కల ఊళ్ళ నుండి, తండాల నుండి కుక్క కరిచిందని వచ్చేవారి నోట మేము మూడు మాటలు తరచుగా వింటుంటాము. “టి.టి. సూది ఏసుకున్న గద సార్, ఇంక ఇదెందుకు?” అనేది ఒకటి. “పుండు మీదనే సూది పొడుస్తరా? చెయ్యికి ఏసిండ్రు గద, చాలు” అనేది రెండవది. “అప్పుడెప్పుడో కుక్క కరిస్తే అన్ని సూదులు ఏసుకున్న, కాగితం ఏడనో పోయింది” అనేది మూడవది. ఈ మూడింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. యాంటీబాడీ అంటే ఏమిటో, అది ఎక్కడ నుండి వస్తుందో తెలిస్తే మూడూ విడిపోతాయి.

యాంటీబాడీని మన పాఠ్యపుస్తకాల్లో ప్రతిరక్షకం అంటారు. ఇది ప్రాణమున్న కణం కాదు, ఒక మాంసకృత్తు. ఆకారం పంగలకర్రలాగా ఉంటుంది. రెండు పంగల కొసలు క్రిమిని పట్టుకుంటాయి. కింది కాడ తెల్ల రక్తకణాలకు గుర్తుగా పనిచేస్తుంది, అంటే ‘ఇదిగో, దీన్ని మింగండి’ అని చూపినట్టు. కాడ అన్నింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. తేడా అంతా పంగల కొసల్లోనే. ఒక కొసకు ఒక ఆకారమే సరిపోతుంది. ధనుర్వాతం విషాన్ని పట్టే కొస రేబిస్ క్రిమికి అంటదు. టి.టి. సూది (ఇప్పుడు దాని స్థానంలో టి.డి. ఇస్తున్నారు) ధనుర్వాతం నుండి కాపాడుతుంది. గాయమైనప్పుడు అదీ అవసరమే. అయితే పిచ్చికుక్క కాటుకు దానివల్ల ఒక్క యాంటీబాడీ కూడా పుట్టదు. మొదటి మాటకు జవాబు ఇది.

ఈ యాంటీబాడీలను తయారుచేసేవి బి-కణాలనే ఒక రకం తెల్ల కణాలు. మన ఒంట్లో ఇవి లెక్కలేనన్ని ఉంటాయి. ఒక్కో కణం ఒక్కో ఆకారం కొసను తన ఒంటిమీద మోస్తూ తిరుగుతుంది. ఏ క్రిమి వస్తుందో తెలియకముందే పుట్టుకతోనే ఇన్ని రకాలు సిద్ధంగా ఉంటాయి. ఫలానా క్రిమికి సరిపోయేవి మాత్రం బహు కొద్ది. ఆ కొద్ది కణాలకూ క్రిమికీ కలయిక జరిగే చోటు చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర ఉండే బిళ్ళలు. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటాము కదా, అది రోగం కాదు. అక్కడ పని జరుగుతోందని గుర్తు. సరిపోయిన కణం అక్కడ రెండు, నాలుగు, ఎనిమిది అవుతూ పెరుగుతుంది. పెరిగేటప్పుడు కొసల ఆకారం కొద్దికొద్దిగా మారుతుంది. క్రిమిని గట్టిగా పట్టుకోగలిగినవి నిలుస్తాయి, వదులుగా పట్టేవి చచ్చిపోతాయి. రైతు మంచి కంకులు ఏరి విత్తనానికి ఉంచుకున్నట్టే ఇదీ. ఇదంతా జరగడానికి రోజులు పడుతుంది. రేబిస్ టీకా మొదటిసారి వేసుకున్న మనిషికి రక్తంలో యాంటీబాడీలు కనిపించడానికి వారం, పది రోజులు పడుతుంది. పద్నాలుగో రోజుకు దాదాపు అందరిలోనూ చాలినంత చేరుతాయి. ఒక మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉంటే చాలినంత అని లెక్క.

పని అయిపోయాక ఈ కణాల్లో ఎక్కువ భాగం చచ్చిపోతాయి. రెండు రకాలు మాత్రం మిగులుతాయి. ఒక రకం ఎముకల మూలుగలో చేరి, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా యాంటీబాడీలను రక్తంలోకి వదులుతుంటుంది. రెండవ రకం ఏమీ వదలదు, ఊరకే కాచుకుని ఉంటుంది. వీటినే జ్ఞాపక కణాలంటారు. అదే క్రిమి మళ్ళీ ఎదురైతే ఇవి మొదటినుండి ఏరుకోవలసిన పని లేదు. ఏరిన విత్తనం ఇంట్లోనే ఉంది. అందుకే రెండవసారి యాంటీబాడీలు కొద్ది రోజుల్లోనే లేస్తాయి, మొదటిసారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా లేస్తాయి, పట్టు కూడా గట్టిగా ఉంటుంది.

ఇంతవరకు చెప్పింది తట్టుకైనా, పచ్చకామెర్లకైనా వర్తిస్తుంది. రేబిస్‌లో ఒక చిక్కు ఉంది.

తట్టు క్రిమి రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంది. కాబట్టి బిళ్ళల్లోని కణాలకు తప్పకుండా కనబడుతుంది. రేబిస్ క్రిమి అలా కాదు. కుక్క చొంగతో గాయంలో పడి, కొంతకాలం అక్కడి కండలోనే ఉండి, ఆ తరువాత నరం కొసలో దూరుతుంది. నరం లోపల యాంటీబాడీ దాన్ని పట్టలేదు. అక్కడ నుండి నరం వెంట వెన్నుపాముకు, వెన్నుపాము నుండి మెదడుకు నెమ్మదిగా నడుస్తుంది. దీనికి సాధారణంగా నెల నుండి మూడు నెలలు పడుతుంది. ముఖం మీద, తల మీద కరిస్తే దారి దగ్గర కనుక ఇంకా తొందరగా చేరవచ్చు. ఈ నడకంతా శరీరానికి తెలియకుండానే సాగిపోతుంది. మెదడులో చేరి నీళ్ళంటే భయం మొదలైన తరువాత ఒంట్లో యాంటీబాడీలు పుట్టినా లాభం లేదు. లక్షణాలు మొదలైనవారిలో బతికినవారు ప్రపంచం మొత్తం మీద వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మంది. అంటే తట్టులాగా రోగం వచ్చి తగ్గి జ్ఞాపకం మిగలడమన్నది ఇక్కడ లేదు. ఈ క్రిమితో మొదటి పరిచయం రోగం ద్వారా కాదు, టీకా ద్వారానే జరగాలి. చంపిన క్రిమిని భుజానికి ఎక్కించి చంకలోని బిళ్ళకు చూపడమే టీకా. ఇప్పుడు వాడే టీకాల కోసం క్రిమిని ప్రయోగశాలలో పెంచిన కణాల మీద పెంచి, చంపి, శుద్ధి చేస్తారు. మన హైదరాబాదులో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థలోనూ ఇటువంటి టీకా తయారవుతోంది.

టీకాను పిరుదుకు వేయమని కొందరు పట్టుబడతారు, ముఖ్యంగా పనికి వెళ్ళవలసినవారు చెయ్యి నొస్తుందని. పిరుదులో కొవ్వు ఎక్కువ. అక్కడ వేసిన మందు సరిగా అందక యాంటీబాడీలు తక్కువగా పుడతాయి. పెద్దలకు భుజానికి, పసిపిల్లలకు తొడ ముందుభాగాన మాత్రమే వేయించుకోవాలి.

ఇప్పుడు లెక్క చూడండి. క్రిమి గాయంలో పడింది ఈ రోజు. మన సొంత యాంటీబాడీలు వచ్చేది వారం పది రోజులకు. ఆ వారంలో లోతైన గాయంలోని క్రిమి నరంలో దూరితే? ఈ ఖాళీని పూడ్చడానికే గాయం చుట్టూ వేసే ఆ రెండవ సూది. దాన్ని సీరం అని, ఇమ్యునోగ్లోబులిన్ అని అంటారు. అందులో ఉన్నది టీకా కాదు, సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు. రేబిస్ టీకా వేసిన గుర్రాల రక్తం నుండో, మనుషుల రక్తం నుండో తీసి శుద్ధి చేసినవి. ఒకరి ఒంట్లో పుట్టిన యాంటీబాడీని మరొకరికి అరువు ఇవ్వవచ్చని 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ధనుర్వాతం, కంఠసర్పి రోగాల విషయంలో నిరూపించారు. సీరం వైద్యానికి 1901లో బేరింగ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

రేబిస్‌లో ఈ అరువు ఎంత పనిచేస్తుందో తెలియడానికి 1954లో ఇరాన్‌లో జరిగిన సంఘటన ఉంది. పిచ్చిపట్టిన తోడేలు ఒకటి ఒక పల్లెలోకి వచ్చి ఒకేసారి 29 మందిని కరిచింది. అందులో 18 మందికి తల మీద గాయాలు. వారిలో ఐదుగురికి టీకా మాత్రమే ఇచ్చారు, ముగ్గురు చనిపోయారు. పదముగ్గురికి టీకాతో పాటు సీరం కూడా ఇచ్చారు, ఒక్కరు మాత్రమే చనిపోయారు. ఒకే తోడేలు, ఒకే రోజు. తేడా ఆ మొదటి వారంలో గాయం దగ్గర కాపలా ఉందా లేదా అన్నదే. ఈ రోజుల్లో టీకాలు, అప్పటి టీకా కంటే ఎంతో మేలైనవి. అయినా ఆ వారం రోజుల ఖాళీ మాత్రం పోలేదు.

కాబట్టి రక్తం కారేలా కరిచినప్పుడు చెయ్యికి వేసింది చాలు, పుండు దగ్గర వద్దు అనడం మా దృష్టిలో సగం వైద్యం చేయించుకోవడమే. నొప్పి నిజమే. ముఖ్యంగా వేలి మీద, పెదవి మీద గాయమైతే పిల్లలు ఓర్చుకోలేరు. కానీ ఆ అరువు యాంటీబాడీలు క్రిమి ఉన్నచోటనే ఉండాలి. తుంటికి వేస్తే గాయం దగ్గరికి చేరేది బహు తక్కువ.

అరువు సొమ్ము అరువు సొమ్మే. సీరంలోని యాంటీబాడీలు కొన్ని వారాల్లో కరిగిపోతాయి. వాటినుండి జ్ఞాపక కణం ఒక్కటి కూడా పుట్టదు, ఎందుకంటే మన కణాలు ఏమీ నేర్చుకోలేదు. నేర్పేది టీకాయే. పైగా సీరం ఎక్కువైనా, ఆలస్యమైనా మన కణాల చదువుకు అడ్డం పడుతుంది. అరువు యాంటీబాడీలు టీకాలోని చచ్చిన క్రిములను కూడా పట్టేసి దాచేస్తాయి. అందుకే సీరానికి, టీకాకు వేర్వేరు సిరంజీలు, వేర్వేరు చోట్లు. అందుకే మొదటి టీకా పడిన ఏడవ రోజు తరువాత సీరం ఇవ్వరు. అప్పటికి సొంతవి మొదలై ఉంటాయి.

ఒక గొర్రెల కాపరిని ఉదాహరణగా తీసుకుందాము. యాభై కిలోల మనిషి. పిక్క మీద రెండు లోతైన పండ్ల గాట్లు. మొదట సబ్బు, ధారగా పడే నీళ్ళతో పావుగంట సేపు కడగాలి. సబ్బు ఈ క్రిమి పైపొరను కరిగిస్తుంది కనుక ఇది దవాఖానాకు రాకముందే ఇంటి దగ్గర, బోరు దగ్గర చేయవలసిన పని. కారం, సున్నం, పసరు పెట్టరాదు. గుర్రపు సీరం కిలోకు 40 యూనిట్ల చొప్పున ఇతనికి 2000 యూనిట్ల వరకు లెక్క వస్తుంది, అంటే సుమారు ఏడు మిల్లీలీటర్లు. అందులో గాట్ల చుట్టూ, లోపల పట్టినంత వేస్తారు. టీకాను ప్రభుత్వ దవాఖానాల్లో చర్మం పొరలోకి, రెండు భుజాలకు 0.1 మిల్లీలీటరు చొప్పున, మొదటి రోజు, మూడవ రోజు, ఏడవ రోజు, ఇరవై ఎనిమిదవ రోజు వేస్తారు. మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టాలి. కండకు వేసే పద్ధతిలో పద్నాలుగో రోజు కూడా కలిపి ఐదు సూదులు. తొలి సూదులతో కణాలు మేల్కొని పెరుగుతాయి, తరువాతివి ఏరిన కణాలను మరింత గట్టిపరుస్తాయి.

నాలుగేళ్ళ తరువాత ఇదే మనిషిని ఇంకో కుక్క చేతి మీద కరిచిందనుకోండి. కార్డు తెచ్చాడు. ఈసారి గాయం కడుగుతారు, టీకా రెండు రోజులే వేస్తారు, మొదటి రోజు, మూడవ రోజు. సీరం అసలు వద్దు. రెండు చిన్న సూదులతో పని అయిపోతుంది. అతని ఒంట్లో జ్ఞాపక కణాలు ఉన్నాయి. బ్యాంకాక్‌లో వైద్యులు 5 నుండి 21 సంవత్సరాల క్రితం టీకా తీసుకున్నవారికి మళ్ళీ టీకా వేసి రక్తం పరీక్షిస్తే, పద్నాలుగు రోజుల్లో అందరిలోనూ యాంటీబాడీలు చాలినంత ఉన్నాయి.

అంత జ్ఞాపకం ఉన్నప్పుడు ఆ రెండు సూదులు మాత్రం ఎందుకని ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్న. జ్ఞాపక కణం నిద్రపోయే కావలివాడు. అతనికి క్రిమి కనబడాలి. రేబిస్ క్రిమి కనబడకుండా నరంలోకి పోతుందని పైన చెప్పాము. గాయంలో పడేది కూడా కొంచెమే. రెండు సూదుల టీకా ఆ కావలివాడిని తట్టి లేపుతుంది. పాత టీకా ఉంది కదా అని ఇంట్లో కూర్చోవడం అందుకే ప్రమాదం.

మరి ఆ కాపరి కార్డు తేలేదనుకోండి. ‘అప్పుడు ఏసుకున్న’ అన్నాడు. ఎన్ని వేసుకున్నాడు, ఏ మందు, చివరి సూదికి వచ్చాడా లేదా, ఏమీ తెలియదు. టి.టి. సూదినే కుక్కకాటు సూది అనుకున్నాడేమో కూడా తెలియదు. అప్పుడు వైద్యుడు అతన్ని మొదటిసారి కరిచినవాడిగానే చూడాలి, మళ్ళీ సీరం, మళ్ళీ నాలుగు తడవలు. రక్తంలో యాంటీబాడీలను కొలిచే పరీక్ష ఉంది కానీ అది బెంగళూరు నిమ్హాన్స్ వంటి కొద్ది చోట్లనే జరుగుతుంది. ఫలితం వచ్చేదాకా క్రిమి ఆగదు. ఒంట్లో జ్ఞాపకం ఉన్నా, దాన్ని చూడడానికి మా దగ్గర ఉన్న కన్ను ఆ కార్డు ఒక్కటే.

పాతకాలం వారికి ఇంకో మాట. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్న పెద్దలు మన సంఘ కుటుంబాల్లో ఇంకా ఉన్నారు. అది గొర్రె మెదడు నుండి తయారుచేసిన టీకా. ఒక్కో తయారీలో బలం ఒక్కోలా ఉండేది. మెదడు పదార్థం వల్ల కొందరికి పక్షవాతం వంటి ఇబ్బందులు కూడా వచ్చేవి. 2005 నాటికి మన దేశంలో దాని వాడకం ఆగిపోయింది. దానివల్ల ఎంత జ్ఞాపకం మిగిలిందో నమ్మకంగా చెప్పలేము కనుక, ఆ పద్నాలుగు వేయించుకున్నవారిని ఈ రోజు కుక్క కరిస్తే పూర్తి వైద్యమే చేయాలి. ‘అన్ని సూదులు తిన్నాను, నాకేం కాదు’ అని ఆ పెద్దలు అనడం మేము విన్నాము. వారి మనవలు ఈ ముక్క వారికి చదివి వినిపిస్తే మేలు.

జ్ఞాపకానికి హద్దులు కూడా ఉన్నాయి. బి-కణం ఒంటరిగా నేర్చుకోలేదు, దానికి టి-కణాలనే ఇంకో రకం కణాల తోడు కావాలి. హెచ్.ఐ.వి.లో తగ్గేవి ఆ కణాలే. క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువకాలం వాడేవారిలో కూడా ఈ చదువు సరిగా సాగకపోవచ్చు. ఇటువంటివారికి ముందు టీకా వేసుకున్న కార్డు ఉన్నా సీరంతో సహా పూర్తి వైద్యం అవసరం కావచ్చు. కాబట్టి కుక్కకాటు చీటీ రాసే చోట సిగ్గుపడకుండా వాడుతున్న మందులన్నీ చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు భయపడనవసరం లేదు, వారికి ఈ టీకా, సీరం రెండూ ఇవ్వవచ్చు.

ఇక కార్డు సంగతి. రోగులనే తప్పుపట్టడం మాకు ఇష్టం లేదు. చాలాచోట్ల ఇచ్చేది చేతిలో పెడితే చెమటకు చిరిగిపోయే పలుచని చీటీ. మీద రాత మందుల షాపు అబ్బాయికి తప్ప ఎవరికీ అర్థం కాదు. పిల్లల టీకాల కార్డు గట్టి అట్టతో ఇచ్చినట్టే, కుక్కకాటు కార్డు కూడా గట్టి అట్టతో, పెద్ద అక్షరాలతో ఇవ్వడం ఆసుపత్రుల బాధ్యత అని మా అభిప్రాయం. అందులో కరిచిన తేదీ, గాయం ఎక్కడ, టీకా పేరు, చర్మంలోకా కండకా, ఒక్కో తేదీ ఎదుట సంతకం, సీరం ఇచ్చారా లేదా, ఇవి ఉండాలి. ఇంటికి వెళ్ళాక దాన్ని రేషన్ కార్డు, ఆధార్ కార్డు పెట్టే ప్లాస్టిక్ కవరులోనే పెట్టండి. ఫోనుతో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి. ఫోను మారినప్పుడు ఫోటో పోతుందని మరువకండి.

పనికోసం ముంబయికి, పుణెకు పోయే పాలమూరు కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. ఇక్కడ కుక్క కరిచి రెండు తడవలు వేయించుకుని, మేస్త్రీ పిలిచాడని లారీ ఎక్కితే, ఏడవ రోజు సూది, ఇరవై ఎనిమిదవ రోజు సూది మిగిలిపోతాయి. వెళ్ళవద్దని మేము చెప్పలేము, పొట్టకూటి సంగతి. కార్డు తీసుకుని వెళ్ళి, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపితే మిగిలిన సూదులు వేస్తారు. ఇక్కడ వాడిన కంపెనీ టీకా అక్కడ లేకపోతే వేరే కంపెనీది వేయించుకోవచ్చు. రోజు తప్పితే మానవద్దు, మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టనవసరమూ లేదు. ఎక్కడ ఆగిందో అక్కడ నుండి, వీలైనంత త్వరగా సాగించాలి. అక్కడ వేసిన తేదీ కూడా అదే కార్డు మీద రాయించుకుని తెచ్చుకోండి.